బ్యాలెన్స్ షీట్ టాలీ కాకపోతే: తేడాను 9తో భాగించి చూడండి

పరీక్షలో ముగింపు లెక్కలు చేశాక ఆస్తుల మొత్తం 2,48,720, అప్పుల మొత్తం 2,48,180 వచ్చాయనుకోండి. తేడా 540. టెన్షన్‌లో లెక్క మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టొద్దు. ఆ తేడాయే దారి చూపిస్తుంది.

ముందు రెండు వైపుల కూడికలూ కింది నుంచి పైకి ఇంకోసారి చేయండి. సరిగ్గానే ఉంటే ప్రశ్నపత్రంలో 540 అనే అంకె ఉందేమో చూడండి. ఉంటే దాన్ని వదిలేసి ఉంటారు, లేదా సర్దుబాటుగా ఒకచోటే చూపి రెండోచోట మరిచిపోయి ఉంటారు. తర్వాత సగం, అంటే 270 కోసం వెతకండి. ఒక అంశం వేయాల్సిన వైపు కాకుండా రెండో వైపు పడితే తేడా దానికి రెట్టింపు వస్తుంది.

ఈ రెండూ కాకపోతే 9తో భాగించండి. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. 540ని 9తో భాగిస్తే 60. ఇందులో 6 పదుల స్థానంలో ఉంది కాబట్టి, తారుమారైన అంకెలు వందల, పదుల స్థానాల్లోవి, వాటి మధ్య తేడా 6. ఆస్తుల వైపే ఎక్కువ వచ్చింది కనుక అక్కడ వందల అంకె పదుల అంకె కన్నా 6 ఎక్కువగా ఉన్న సంఖ్యను చూడండి. భవనాలు 1,20,000, యంత్రాలు 54,000, ముగింపు సరుకు 28,500, నగదు 9,400, ఇవేవీ కాదు. రుణగ్రస్తులు 36,820 మాత్రం సరిపోతుంది. ప్రశ్నపత్రంలో చూస్తే అది 36,280.

ఆస్తుల్లో దొరకకపోతే లాభనష్టాల ఖాతా కూడా చూడాలి. అక్కడ ఒక ఖర్చును 540 ఎక్కువగా రాస్తే నికర లాభం, దాంతో మూలధనం తగ్గి, ఇదే తేడా వస్తుంది. ఇంకో అనుమానం కూడా ఉంది. ఒక సున్నా రాలిపోయినా తేడా 9తో భాగింపబడుతుంది, అప్పుడు భాగఫలమే తప్పుగా రాసిన సంఖ్య. ఇక్కడైతే 600ని 60గా రాశారేమో చూడాలి.

రెండు వేర్వేరు తప్పులు కలిస్తే ఈ పద్ధతి పనిచేయదు. టాలీ అయినంత మాత్రాన లెక్క సరైనదనీ కాదు. ముగింపు సరుకు 28,500ని వర్తకపు ఖాతాలోనూ బ్యాలెన్స్ షీట్‌లోనూ 25,800గా రాస్తే రెండు వైపులా 2,700 తగ్గి చక్కగా టాలీ అవుతుంది. అందుకే సర్దుబాట్ల అంకెలను ఎత్తి రాసిన వెంటనే ప్రశ్నపత్రంతో పోల్చి టిక్ పెట్టుకోండి, సరుకును మరీ ముఖ్యంగా.

అయిదు నిమిషాల్లో తప్పు దొరకకపోతే తర్వాతి ప్రశ్నకు వెళ్లండి. టాలీ చేయడానికి లేని అంకె పుట్టించొద్దు. దిద్దేవారికి అది వెంటనే కనబడుతుంది, సరిగ్గా చేసిన వర్కింగ్ నోట్స్ మీద కూడా అనుమానం వస్తుంది.