ఉత్తరాది డైమండ్ చక్రం, మన చదరపు చక్రం: జాతకం ఎలా చదవాలి?

మన పంచాంగకర్తలు వేసే చదరపు చక్రంలో రాశులు కదలవు. పై వరుసలో ఎడమ మూల గడి ఎప్పుడూ మీనం, దాని పక్కది మేషం. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే వైపే వృషభం, మిథునం అంటూ చుట్టూ తిరిగి కుంభం దాకా వస్తాం. మారేది లగ్నమే, అంటే పుట్టిన వేళకు తూర్పున ఉదయించే రాశి. "ల" అని రాసి ఉన్న గడి గానీ, మూలగా గీత గీసిన గడి గానీ ఒకటో భావం, అంటే ఒకటో ఇల్లు.

ఉత్తరాది చక్రంలో ఇది తిరగబడుతుంది. అక్కడ భావాలు కదలవు. పైన మధ్యలో ఉన్న డైమండే ఎప్పుడూ లగ్నం. లెక్క ఎడమకు, అంటే గడియారానికి ఎదురుగా సాగుతుంది. ఎడమ డైమండ్ నాలుగో భావం, కింది డైమండ్ ఏడు, కుడి డైమండ్ పది. గడుల్లో కనిపించే అంకెలు రాశులవి: 1 మేషం, 2 వృషభం, అలా 12 మీనం దాకా.

కొత్తవాళ్లు బోల్తా పడేది ఈ అంకెల దగ్గరే. ఒక ఉదాహరణ చూద్దాం. 2024 ఏప్రిల్ 26న మధ్యాహ్నం 2 గంటలకు హైదరాబాద్‌లో పుట్టిన బిడ్డది సింహ లగ్నం. చంద్రుడు వృశ్చికంలో ఉన్నాడు.

ముందు చదరపు చక్రం తీసుకోండి. కుడి నిలువు వరుసలో పైనుంచి మూడో గడి సింహం, అక్కడ "ల" ఉంటుంది. దాన్ని ఒకటిగా లెక్కపెట్టి కన్య రెండు, తుల మూడు, వృశ్చికం నాలుగు అనుకుంటూ పోతే చంద్రుడు నాలుగో భావంలో తేలతాడు.

ఇప్పుడు డైమండ్ చక్రం. పై డైమండ్‌లో 5 ఉంటుంది, ఎందుకంటే సింహం అయిదో రాశి. చంద్రుడు ఎడమ డైమండ్‌లో, 8 అంకె పక్కన కనిపిస్తాడు. ఆ 8 చూసి "అయ్యో, అష్టమంలో చంద్రుడా!" అని టెన్షన్ పడకండి. 8 అంటే వృశ్చిక రాశి. గడి ఉన్న చోటును బట్టి అది నాలుగో భావమే. నేనూ మొదట్లో అలాగే కంగారుపడ్డాను.

అక్షరాలతో కూడా జాగ్రత్త. మనం కుజుడికి "కు" అని రాస్తాం, హిందీ చక్రంలో మంగళ్ కాబట్టి "మం" అని ఉంటుంది. మన "ర" అక్కడ సూర్య్ పేరుతో "సూ" అవుతుంది.

ఒక చక్రాన్ని చూసి రెండోది వేశాక రాహుకేతువులను చూడండి. వాళ్లెప్పుడూ ఎదురెదురుగానే ఉండాలి. ఈ జాతకంలో రాహువు మీనంలో, కేతువు కన్యలో ఉన్నారు. డైమండ్‌లో పైన ఎడమ త్రికోణంలో 6 పక్కన కేతువు, కింద కుడి త్రికోణంలో 12 పక్కన రాహువు రావాలి. రాహువు కింద ఎడమకు వచ్చాడంటే, మీరు అలవాటు కొద్దీ గడియారం వైపే తిరిగారన్నమాట.