ఫోటోలోని ఎడారి థార్ అవునా?

ఇసుక రంగును నమ్మకండి, దిబ్బ ఆకారం చూడండి. మొక్కలేమీ లేని నెలవంక దిబ్బలు చాలా ఎడారుల్లో కనిపిస్తాయి. గుర్రపు లాడంలా వంగి, రెండు చేతుల మీద గడ్డి, పొదలు పట్టి ఉంటే మాత్రం థార్‌ను ముందు అనుమానించాలి. అక్కడ నైరుతి గాలి దిబ్బ నడుమను ముందుకు నెడుతుంది, మొక్కలు పట్టుకున్న అంచులు వెనకే ఉండిపోతాయి.

జమ్మి చెట్టు కనిపించగానే తేల్చేయకండి, అది అరబ్ ఎమిరేట్స్‌లోనూ ఉంది. ఫోటోను పెద్దది చేసి కొమ్మలు చూడండి. నరికిన మొండి కొమ్మలైతే రాజస్థానే కావచ్చు, చలికాలంలో రైతులు పశువుల మేతకు అలా కొడతారు. దూరంగా పసుపు సున్నపురాయి గుట్ట కూడా ఉంటే జైసల్మేర్ వైపు వెతకండి.