కువైట్ నుంచి వచ్చేసినాక ఫారిన్ అకౌంట్ చూపలేదని నోటీస్ వస్తే ఏం చేయాలి

సమస్య: కువైట్ బ్యాంకులో అకౌంట్ ఉంది, రిటర్న్‌లో చూపలేదు అని ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి మెసేజ్ గానీ నోటీస్ గానీ వచ్చింది. ముందు అది నిజమైనదేనా చూసుకోండి, మెసేజ్‌లో ఉన్న లింక్ నొక్కొద్దు, మీరే e-filing పోర్టల్‌లోకి లాగిన్ అయి చూడండి.

కారణం: అక్కడి బ్యాంకులు మన అకౌంట్ వివరాలు వాళ్ళ ప్రభుత్వానికి ఇస్తాయి, అక్కడి నుంచి ఇండియాకి వచ్చేస్తాయి. కానీ తిరుపతి చుట్టుపక్కల నేను చూసినవాటిలో అసలు చిక్కు ITR-1 దగ్గరే. వచ్చినాక ఎఫ్‌డీ మీద కట్ అయిన టీడీఎస్ వెనక్కి తెచ్చుకుందామని ఎవరో ITR-1 వేసేస్తారు. ఆ ఫారంలో ఫారిన్ ఆస్తుల షెడ్యూలే లేదు, పైగా అది వేస్తే మీరు మామూలు రెసిడెంట్ అని మీరే చెప్పుకున్నట్టు. చాలామంది అప్పటికి RNOR, అంటే రెసిడెంటే గానీ మామూలు రెసిడెంట్ కిందికి రాని స్టేటస్‌లో ఉంటారు, వాళ్ళు ఆ షెడ్యూల్ నింపాల్సిన పనే లేదు, ITR-1 వేయనూ కూడదు.

ఉదాహరణకి పాకాల అన్న ఒకాయన 2011 నుంచి కువైట్‌లో ఉండి 2023 మే నెలలో వచ్చేసినాడు అనుకోండి, మధ్యలో రెండేళ్ళకోసారి రెండు నెలల లీవ్. 2024-25 ఆర్థిక సంవత్సరం లెక్కలో వెనకటి 10 ఏళ్ళలో 9 ఏళ్ళు నాన్ రెసిడెంట్, కాబట్టి RNOR. 2025-26కి అది 8 ఏళ్ళే అవుతుంది, వెనకటి 7 ఏళ్ళలో ఇండియాలో ఉన్న రోజులూ 729 దాటిపోతాయి, ఇక ఆ ఏడాది నుంచి చూపాల్సిందే.

పరిష్కారం: పాత పాస్‌పోర్టు కూడా తీసి స్టాంపులు చూసి ఏడాదివారీగా రోజులు రాసుకోండి. RNOR అని తేలితే, రివైజ్ చేసే గడువు ఉంటే ITR-2లో ఆ స్టేటస్ పెట్టి మళ్ళీ వేసి, నోటీస్‌కి రోజుల పట్టిక, స్టాంపుల కాపీలు పెట్టి జవాబివ్వండి. గడువు పోతే ITR-U అనే అప్‌డేటెడ్ రిటర్న్ వేయమంటారు గానీ అదనంగా ట్యాక్స్ పడకపోతే అది వేయనివ్వరు, జవాబే దారి.

మామూలు రెసిడెంటే అయితే ITR-2లో ఫారిన్ ఆస్తుల షెడ్యూల్, అంటే Schedule FAలో టేబుల్ A1 నింపాలి. ఇక్కడే చాలామంది తప్పుతారు, లెక్క ఏప్రిల్-మార్చి కాదు, జనవరి నుంచి డిసెంబర్. అకౌంట్ నంబర్, తెరిచిన తేదీ, ఏడాదిలో అత్యధిక బ్యాలెన్స్, డిసెంబర్ 31 బ్యాలెన్స్, వడ్డీ, అన్నీ ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటుతో రూపాయల్లో. ఫిబ్రవరిలో మూసేసిన అకౌంట్ అయినా ఆ ఏడాదికి రాయాలి. వడ్డీని ఆదాయంలో కూడా కలపాలి.

బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల జరిమానా అని భయపెడతారు. 2024 అక్టోబర్ 1 నుంచి, ఇళ్ళు స్థలాలు కాకుండా మిగతా ఫారిన్ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు దాటకపోతే ఆ జరిమానా లేదు. అలాగని రాయకుండా వదిలేయడానికి లేదు, చూపించే బాధ్యత మాత్రం అలాగే ఉంది.