80 దగ్గర ఆపాలా, 100 దాకా పెట్టాలా?

నా ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్ గురించి మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ అన్నయ్య "80 శాతం దాటించకు తమ్ముడూ, బ్యాటరీ పాడైపోద్ది" అన్నారు. రెండు నెలలు అలాగే చేశాను. ఓ రోజు శ్రీకాకుళం నుంచి వస్తుంటే ఆనందపురం దగ్గర 17 శాతం చూపించిన కారు, మధురవాడ వచ్చేసరికి ఒక్కసారిగా 7కి పడింది. గుండె జారిపోయింది.

ఆయన మాట తప్పు కాదు, ఆయన కారుకి. అందులో ఉన్నది నికెల్ బ్యాటరీ. ఫుల్ చేస్తే ఒక్కో సెల్ 4.2 వోల్టుల దాకా వెళ్తుంది. ఆ స్థితిలో, పైగా మన వైజాగ్ ఎండలో, గంటల తరబడి ఉంచితే త్వరగా అరుగుతుంది. అందుకే రోజూ 80, ఊరెళ్లే ముందు మాత్రమే 100.

నాది ఐరన్ ఫాస్ఫేట్, అదే ఎల్‌ఎఫ్‌పీ. 30 శాతం దగ్గరా, 70 దగ్గరా సెల్ వోల్టేజీ దాదాపు ఒకటే, 3.3 చిల్లర. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో కారు పోల్చుకోలేదు. వచ్చిన కరెంటు, పోయిన కరెంటు లెక్కేసుకుంటూ పోతుంది. ఆ లెక్క రోజురోజుకీ కాస్త తప్పుతుంది. నిండిపోయే ముందు వోల్టేజీ నిటారుగా లేస్తుంది కాబట్టి, 100 కొట్టినప్పుడే లెక్క సరిపడుతుంది.

ఇప్పుడు శనివారం రాత్రి ఇంటి ఛార్జర్‌కి తగిలించి, 100 చూపించినా వెంటనే పీకను. సెల్స్ అన్నీ ఒకే స్థాయికి వచ్చి, ఛార్జింగ్ తనంతట తనే ఆగాలి. మిగతా రోజులు 80 చాలు. ఎల్‌ఎఫ్‌పీ అయినా నిండుగా పెట్టి వారాలు వదిలేయకూడదు.

ఒకే మోడల్‌లో వేరియంట్‌ని బట్టి బ్యాటరీ మారొచ్చు. పక్కింటివాళ్లని కాదు, మీ మాన్యువల్‌ని అడగండి.