సీఐఎస్‌ఎస్‌పీ పాసయ్యాక ఎండోర్సర్‌ను ఎలా వెతుక్కోవాలి?

సైబర్ సెక్యూరిటీ ఉద్యోగులు తెచ్చుకునే సర్టిఫికెట్ సీఐఎస్‌ఎస్‌పీ. దాని పరీక్ష పాసైతే సర్టిఫికెట్ వచ్చేసినట్టే అనుకుంటారు చాలామంది. రాదు. ఈ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఐఎస్‌సీ2. మీరు చెప్పుకుంటున్న అనుభవం నిజమేనని, ఆ సంస్థ సర్టిఫికేషన్ ఇప్పటికే ఉన్న ఒక సభ్యుడు ధ్రువీకరించాలి. దాన్నే ఎండోర్స్‌మెంట్ అంటారు, అలా ధ్రువీకరించే మనిషే ఎండోర్సర్. పరీక్ష పాసైన రోజు నుంచి తొమ్మిది నెలల్లోపు ఇది పూర్తి కావాలి. గడువు దాటితే మళ్లీ పరీక్ష రాయాల్సి రావచ్చు.

ఏటా నలుగురైదుగురు నన్ను ఎండోర్స్‌మెంట్ అడుగుతుంటారు. ఎక్కువమంది మొదటి మెసేజ్‌లోనే నా మెంబర్ నంబర్ అడుగుతారు. అడగాల్సింది అది కాదు. ముందు మీ అనుభవం లెక్క తేల్చుకోవాలి.

మొదట నెలలు లెక్కపెట్టుకోండి

కావాల్సింది ఐదేళ్ల పని అనుభవం. అది పరీక్షలోని ఎనిమిది విభాగాల్లో, అంటే డొమైన్లలో, కనీసం రెండింటికి సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్, ఐటీ లేదా వాటికి దగ్గరి సబ్జెక్టులో డిగ్రీ ఉంటే ఒక ఏడాది మినహాయింపు దొరుకుతుంది. గుర్తింపు ఉన్న మరో సర్టిఫికెట్ ఉన్నా ఒక ఏడాదే. రెండూ ఉన్నాయి కదా, రెండేళ్లు తగ్గుతాయనుకోకండి.

ఈ మధ్య నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, సీఎస్‌ఈ బీటెక్. 2025 మార్చి 10న పరీక్ష పాసయ్యాడు. అంటే అతని గడువు డిసెంబర్ 10. రెజ్యూమేలో "2020 జూన్ నుంచి ఇప్పటివరకు" అని ఒకే వరుస రాసుకున్నాడు. చూడ్డానికి నాలుగేళ్ల తొమ్మిది నెలలు. డిగ్రీ మినహాయింపుతో నాలుగేళ్లు చాలు కాబట్టి హాయిగా ఉన్నాడు.

ఫోన్లో గంటసేపు కూర్చుని విడదీశాం. మొదటి ఉద్యోగం 2020 జూన్ నుంచి 2021 నవంబర్ దాకా, 18 నెలలు. అందులో మొదటి ఆరు నెలలు ల్యాప్‌టాప్‌లు సెటప్ చేయడం, ప్రింటర్లు చూడడం. అది లెక్కలోకి రాదు. తర్వాతి 12 నెలలు ఫైర్‌వాల్ రూల్స్ మార్చడం, వీపీఎన్ చూసుకోవడం. అది నెట్‌వర్క్ సెక్యూరిటీ డొమైన్. 2021 డిసెంబర్ నుంచి 2025 ఫిబ్రవరి దాకా సాక్‌లో, అంటే దాడులను కనిపెట్టే సెక్యూరిటీ నిఘా కేంద్రంలో, అనలిస్టు, 39 నెలలు. కానీ 2023లో కంపెనీ మారేటప్పుడు మూడు నెలలు ఖాళీగా ఉన్నాడు. మిగిలింది 36. పన్నెండూ ముప్పై ఆరూ కలిపితే 48. సరిగ్గా సరిపోయింది, ఒక్క నెల కూడా మిగల్లేదు. ఆ ఖాళీని దాచి ఉంటే, ఎవరైనా తనిఖీ చేసిన రోజున మిగతా 48 నెలల మీద కూడా అనుమానం వచ్చేది.

సాక్‌లోనే ఐదేళ్లు చేసినవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అలర్ట్‌లు చూడడం ఒక్కటే రాస్తే ఒకే డొమైన్ అవుతుంది. మూడు నెలలకోసారి యూజర్ యాక్సెస్ రివ్యూ చేశారా? వల్నరబిలిటీ స్కాన్లు నడిపారా? అవి వేరే డొమైన్లు. చేసి ఉంటేనే రాయండి.

నెలలు చాలకపోతే కంగారు పడొద్దు. ఐఎస్‌సీ2 అసోసియేట్‌గా చేరి మిగతా అనుభవం సంపాదించడానికి ఆరేళ్ల వరకు సమయం ఉంటుంది.

తర్వాత కాగితాలు

మన దగ్గర హెచ్‌ఆర్ ఇచ్చే రిలీవింగ్ లెటర్‌లో హోదా, తేదీలు తప్ప ఏమీ ఉండవు. "సీనియర్ అసోసియేట్" అని చూస్తే మీరు ఫైర్‌వాల్ చూశారో పేరోల్ చూశారో ఎవరికి తెలుస్తుంది? అందుకే అప్పటి రిపోర్టింగ్ మేనేజర్‌తో కంపెనీ లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాయించుకోండి: ఎప్పటినుంచి ఎప్పటిదాకా, వారానికి ఎన్ని గంటలు, రోజువారీ పని ఏమిటి, ఫోన్ నంబర్. దరఖాస్తుల్లో కొన్నింటిని ఐఎస్‌సీ2 ఆడిట్‌కు తీసుకుంటుంది. అప్పుడు ఈ లెటర్ చేతిలో ఉంటే టెన్షన్ ఉండదు.

ఇప్పుడు మనిషి

ఎండోర్సర్ మీ బాసే కానక్కర్లేదు, మీ కంపెనీవాడే కానక్కర్లేదు. ఐఎస్‌సీ2 సర్టిఫికెట్ ఉండి, సభ్యత్వం చెల్లుబాటులో ఉండి, మీ అనుభవం గురించి చెప్పగలిగితే చాలు. ఆ సభ్యత్వం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఏటా కట్టాల్సిన ఫీజు కట్టక సర్టిఫికెట్ ఆగిపోయినా లింక్డ్‌ఇన్‌లో పేరు పక్కన ఆ అక్షరాలు అలాగే ఉంటాయి. అడిగేటప్పుడే "మీ సభ్యత్వం ఇప్పుడు యాక్టివ్‌గా ఉందా అన్నా?" అని అడిగేయండి, తప్పేమీ లేదు.

వెతకడం దగ్గరివాళ్లతో మొదలుపెట్టండి. పాత కంపెనీ పేరు, సీఐఎస్‌ఎస్‌పీ కలిపి లింక్డ్‌ఇన్‌లో వెతికితే మీతో ఒకే ఫ్లోర్‌లో పనిచేసి మీరు మరచిపోయినవాళ్లు కూడా దొరుకుతారు. ఆ తర్వాత క్లయింట్ వైపు సెక్యూరిటీ మనుషులు, ఆడిట్‌కు వచ్చినవాళ్లు, కాలేజీ సీనియర్లు. అప్పటికీ ఎవరూ తగలకపోతే ఐఎస్‌సీ2 చాప్టర్ మీటింగులు, అంటే స్థానిక సభ్యుల సమావేశాలు. అక్కడ మొదటిరోజే ఫారం ముందు పెట్టకండి.

లెక్క తేలాక ఆ అబ్బాయి నాకు పంపిన మెసేజ్ దాదాపు ఇలా ఉంది:

"నమస్తే అన్నా, 2022లో పేమెంట్స్ ప్రాజెక్టులో మీ టీమ్ పక్కనే సాక్‌లో ఉండేవాణ్ని. మార్చిలో సీఐఎస్‌ఎస్‌పీ పాసయ్యాను, డిసెంబర్ 10 గడువు. నా 48 నెలల లెక్క, మేనేజర్ లెటర్లు పంపుతున్నాను. మొదటి ఉద్యోగం మీరు చూడలేదు కాబట్టి అప్పటి మేనేజర్ నంబర్ కూడా పెట్టాను. చూసి, నమ్మకం కుదిరితేనే చేయండి. కుదరకపోతే చెప్పండి, వేరేవాళ్లను అడుగుతాను."

ఇలా రాసినవాడికి కాదనడం కష్టం. నేను చూడని భాగం ఏదో అతనే చెప్పాడు, దాన్ని సరిచూసుకునే దారి కూడా అతనే చూపించాడు. ఎండోర్సర్ అబద్ధానికి ఒప్పుకుంటే ఐఎస్‌సీ2 నీతి నియమావళి కింద అతని సర్టిఫికెట్‌కే ఎసరు. అందుకే ప్రశ్నలు అడుగుతాడు. ఒక్క ప్రశ్నా అడగకుండా "డబ్బులు పంపు, చేసేస్తా" అనేవాళ్లు టెలిగ్రామ్ గ్రూపుల్లో కనిపిస్తారు. వాళ్ల జోలికి పోకండి.

ఎవరూ దొరక్కపోతే

ఐఎస్‌సీ2నే ఎండోర్సర్‌గా పెట్టుకోవచ్చు. దరఖాస్తులోనే ఆ ఎంపిక ఉంటుంది. మనిషికి బదులు కాగితాలే మాట్లాడాలి కాబట్టి పైన చెప్పిన లెటర్లు అన్ని ఉద్యోగాలకూ కావాలి. తెలిసినవాళ్లు లేరని ఎవరో అపరిచితుణ్ని బతిమాలడం కన్నా నేను ఈ దారే మేలంటాను. పాత కంపెనీ మూతపడిందా? ఆఫర్ లెటర్, పే స్లిప్పులు తేదీలు చూపిస్తాయి. చేసిన పని ఏమిటో చెప్పడానికి మాత్రం అప్పటి మేనేజర్‌ను పట్టుకోవాల్సిందే.

దరఖాస్తు పంపాక

ఐఎస్‌సీ2 ఖాతాలో లాగిన్ అయి, ఉద్యోగాల వివరాలు నింపి, ఎండోర్సర్ ఇంటిపేరు, మెంబర్ నంబర్ ఇస్తారు. అతను ఆమోదించాక ఐఎస్‌సీ2 పరిశీలన మొదలవుతుంది, దానికి కొన్ని వారాలు పడుతుంది. ఇంటిపేరు దగ్గర జాగ్రత్త. మనవాళ్లలో కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది, సర్టిఫికెట్‌లో వెనకుంటుంది. సర్టిఫికెట్ మీద ఎలా ఉందో అడిగి అలాగే కొట్టండి. రెండు మూడు రోజులైనా ఎండోర్సర్‌కు మెయిల్ రాలేదంటే ముందు స్పామ్ ఫోల్డర్ చూడమనండి.

ఆ అబ్బాయి ఏప్రిల్ చివర్లో దరఖాస్తు పంపాడు. ఆడిట్‌కు పడలేదు, జూన్‌లో ఆమోదం వచ్చింది. ఆ సాయంత్రమే లింక్డ్‌ఇన్‌లో పేరు పక్కన సీఐఎస్‌ఎస్‌పీ పెట్టేశాడు. ఫోన్ చేసి తీయించాను. మొదటి ఏడాది ఫీజు 135 డాలర్లు ఇంకా కట్టలేదు మరి. మర్నాడు కార్డుతో కట్టి, మళ్లీ పెట్టుకున్నాడు.