చలికాలం వచ్చేముందు గీజర్‌ను ఒకసారి పరీక్షించండి

కార్తీకం వచ్చేసరికి ఆరేడు నెలలుగా మూలపడ్డ గీజర్ స్విచ్ మళ్లీ వేస్తాం. వేసే ముందు ఒక పని చేయండి. వేడినీళ్ల ట్యాప్ పూర్తిగా తిప్పి, ధార ఆగకుండా వస్తోందో లేదో రెండు నిమిషాలు చూడండి. వేసవిలో నీళ్లు రాక ట్యాంకు ఖాళీ అయి ఉంటే, నీళ్లు లేకుండా వేడెక్కిన ఎలిమెంట్ కాలిపోతుంది. ధార సరిగా ఉంటేనే స్విచ్ వేయాలి.

తర్వాత గడియారం చూసుకోండి. 15 లీటర్ల ట్యాంకు, 2000 వాట్ల ఎలిమెంట్ ఉన్న గీజర్ మన ఇళ్లలో చాలా మామూలు. దానిలో 25 డిగ్రీల నీళ్లు 60 డిగ్రీలకు చేరడానికి సుమారు 18 నిమిషాలు పడుతుంది. ఆ వేళకు అటూఇటుగా హీటింగ్ లైటు ఆరిపోవాలి. సాయంత్రం వోల్టేజీ 200కి పడిపోతే ఎలిమెంట్ ఇచ్చే వేడి నాలుగింట మూడు వంతులే ఉంటుంది, అప్పుడు 24 నిమిషాలు పట్టినా కంగారు పడనక్కర్లేదు. అరగంట దాటినా లైటు ఆరకపోతే, ట్యాప్ తిప్పగానే ఆవిరి తన్నుకొస్తే మాత్రం నీళ్లు తగినంత వేడెక్కగానే కరెంటు ఆపాల్సిన థర్మోస్టాట్ ఆ పని చేయడం లేదని అర్థం. వెంటనే స్విచ్ ఆపేసి మెకానిక్‌ను పిలవాలి. కొన్ని మోడళ్లలో కరెంటు ఉన్నంతసేపూ వెలిగే లైటు వేరే ఉంటుంది, చూడాల్సింది అది కాదు.

అంత జాగ్రత్త ఎందుకంటే, థర్మోస్టాట్ పనిచేయకపోతే నీళ్లు వేడెక్కుతూనే ఉంటాయి. దానికి రక్షణగా కటౌట్ అనే రెండో భాగం ఉంటుంది. నీళ్లు మరిగే దశకు చేరకముందే అది కరెంటు తెంచేస్తుంది. కటౌట్ పడిపోయి గీజర్ ఆన్ కాకపోతే కొందరు మెకానిక్‌లు ‘డైరెక్ట్ చేసేశాను సార్, ఇక బాగానే ఉంటుంది’ అంటారు. అంటే ఆ రక్షణను తీసేసి వైర్లు నేరుగా కలిపేశారన్నమాట. దీనికి మీరు ఒప్పుకోకండి. కటౌట్ ఎందుకు పడిందో కనుక్కుని, థర్మోస్టాట్, కటౌట్ రెండూ కొత్తవి వేయించండి. వాటి ఖర్చు గీజర్ ధర ముందు చాలా తక్కువ.

మూడో రక్షణ చల్లనీళ్ల పైపు దగ్గరుండే సేఫ్టీ వాల్వ్. దాని గురించి పొరబాటు అభిప్రాయాలు ఎక్కువ. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. మన 15 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకు వెళితే ఒక గ్లాసుడు నీళ్లు, అంటే 200 మిల్లీలీటర్ల వరకు పెరుగుతాయి. నీళ్లు వెనక్కి పోకుండా అడ్డుకునే వాల్వ్ ఉన్నచోట ఆ గ్లాసుడు నీళ్లకు దారి సేఫ్టీ వాల్వే. కాబట్టి వేడెక్కేటప్పుడు దాని నుంచి కొద్దిగా నీళ్లు కారడం సహజం. గీజర్ ఆపేసినా రోజంతా కారుతూనే ఉంటే పైపులో ప్రెషర్ ఎక్కువగా ఉండొచ్చు, వాల్వ్ అయినా పాడై ఉండొచ్చు. అప్పుడు చేయాల్సింది ఆ రెండింటిలో కారణం ఏదో కనుక్కుని, వాల్వ్ పాడైతే మార్చడం. డమ్మీ పెట్టి బిగించేయడం, గుడ్డ చుట్టి కట్టేయడం అసలు చేయకూడదు. నీళ్లు పోయే దారి మూసి, పైన థర్మోస్టాట్ కూడా మొరాయిస్తే ట్యాంకు పేలే ప్రమాదం నిజంగా ఉంది.

థర్మోస్టాట్‌ను 55, 60 డిగ్రీల మధ్య పెట్టించండి. చాలా మోడళ్లలో స్క్రూ కవరు లోపల ఉంటుంది, కాబట్టి మెయిన్ ఆపి మెకానిక్ చేతే సర్దించాలి. 60 దాటితే బోరు నీళ్లలోని సున్నం ఎలిమెంట్‌కు మరింత త్వరగా పేరుకుంటుంది. 60 డిగ్రీల నీళ్లు కొన్ని క్షణాలు తగిలినా చర్మం కాలిపోతుంది, పసిపిల్లలకు ఇంకా త్వరగా. అలాగని 50 కంటే తగ్గిస్తే నిల్వ నీళ్లలో బ్యాక్టీరియా పెరిగే అవకాశం ఉంటుంది. బకెట్‌లో ముందు చల్లనీళ్లు, తర్వాతే వేడినీళ్లు పట్టడం పిల్లలున్న ఇంట్లో గట్టి అలవాటుగా చేసుకోండి.

ఇక కరెంటు సంగతి. ఎలిమెంట్ లోహపు గొట్టం లోపల ఉంటుంది. సున్నం పేరుకున్న చోట గొట్టం లోపల వేడి ఎక్కువై చివరికి పగులుతుంది. సున్నం పట్టిందనడానికి గుర్తు, వేడెక్కేటప్పుడు వచ్చే చిటపట చప్పుడు. గొట్టం పగిలితే కరెంటు నీళ్లలోకి, ట్యాంకులోకి వస్తుంది. ఎర్త్ బాగుంటే అది ఎర్త్‌లోకి పోతుంది. బాగోలేకపోతే తడిగా నిలబడ్డ మనిషే దారి అవుతాడు. ప్రాణం తీసేది ఇదే. కాబట్టి ఎర్త్ ఉందో లేదో చెప్పడానికి త్రీపిన్ సాకెట్ చూస్తే సరిపోదు. పాత ఇళ్లలో మూడో వైరు సాకెట్ దగ్గరే తెగిపోయి ఉంటుంది, లేదంటే న్యూట్రల్‌కు కలిపేసి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చేత మీటరుతో ఎర్త్ పరీక్షించుకోండి.

దానికి తోడు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా ఉండాలి. చాలామంది అది ఉంటే ఎంసీబీ అక్కర్లేదనుకుంటారు, అది పొరపాటు. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. దాని మీద ‘T’ బటన్ నెలకొకసారి నొక్కితే ట్రిప్ కావాలి. బటన్ పనిచేసినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు, అది వేరే పరీక్ష. గీజర్ వేయగానే ట్రిప్ అవుతుంటే ఆర్‌సీసీబీ మీద కోప్పడకండి. ఎలిమెంట్ లీకవుతోందేమోనని చూపించండి.

2000 వాట్ల గీజర్‌కు దాదాపు 9 ఆంపియర్లు కావాలి. 6 ఆంపియర్ల సాకెట్, మల్టీప్లగ్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ దీనికి పనికిరావు. మీటరు బోర్డు నుంచి విడిగా లాగిన 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరైతే 4 స్క్వేర్ ఎంఎం వైరు మంచిది. ప్లగ్ వదులైతే అక్కడే వేడి పుడుతుంది. పది నిమిషాలు నడిచాక స్విచ్ ఆపి, పొడి చేత్తో ప్లగ్ ముట్టుకుని చూడండి. కొంచెం వెచ్చగా ఉండటం మామూలే, చెయ్యి పెట్టలేనంత వేడి, గోధుమరంగు మచ్చ, కాలిన వాసన ఉంటే సాకెట్, ప్లగ్ రెండూ మార్చాలి. స్విచ్ బాత్రూమ్ బయట ఉంటే మేలు. ఇవన్నీ ఉన్నా, స్నానానికి దిగేముందు గీజర్ ఆపేయమని ఇంట్లో అందరికీ చెప్పండి. ముసలివాళ్లకు గుర్తుండేలా తలుపు దగ్గర కాగితం అతికించినా సరే.

ఎన్నేళ్లకు మార్చాలి? ముందు గీజర్ మీద పేరు రాసిన పలకలో తయారైన నెల, సంవత్సరం చూడండి, కొన్న తేదీ కాదు. ఎలిమెంట్, థర్మోస్టాట్, గాస్కెట్ మార్చుకోవచ్చు. ట్యాంకు లోపల తుప్పు పట్టకుండా మెగ్నీషియం రాడ్ ఉంటుంది, అది ట్యాంకు బదులు తానే అరిగిపోతుంది. రెండేళ్లకోసారి దాన్ని చూపించాలి, బోరు నీళ్లయితే ఏడాదికే. ఎప్పుడూ చూడని రాడ్ అరిగిపోయాక తుప్పు ట్యాంకు మీద పడుతుంది. ట్యాంకు కారడం మొదలైతే వెల్డింగు, సీలెంట్ పనికిరావు, గీజర్ మార్చాల్సిందే. వేడినీళ్లు మాత్రమే ఎర్రగా వస్తుంటే తుప్పు మొదలైనట్టే. నా అభిప్రాయంలో బోరు నీళ్లున్న ఇంట్లో ఏడో ఏట నుంచే గట్టిగా కనిపెట్టుకుని ఉండాలి. పదేళ్లు దాటిన గీజర్‌కు మళ్లీ పెద్ద రిపేరు వస్తే ఆ డబ్బు కొత్తదానికి పెట్టడమే మంచిది.

కొత్తది బిగించేటప్పుడు పాత సేఫ్టీ వాల్వ్, పాత కనెక్షన్ పైపులు, తుప్పుపట్టిన గోడ బోల్టులు మళ్లీ వాడనివ్వకండి. 15 లీటర్ల గీజర్ నిండితే నీళ్ల బరువే 15 కిలోలు, దాని సొంత బరువు అదనం. గోడ బోలు ఇటుకలదైతే గోడలో పెట్టే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు పట్టవు, బోలు గోడకు తగ్గ బోల్టులు వాడమని మేస్త్రీకి ముందే చెప్పండి.