ప్రీ ఫైనల్స్ ముందు స్కూల్ కౌన్సెలర్‌కి మెయిల్ రాస్తున్నారా? పంపే ముందు ఇవి చూసుకోండి

సంక్రాంతి సెలవులు అయిపోగానే మన వైపు పదో తరగతి ఇళ్ళల్లో వాతావరణం మారిపోతుంది. కనుమ రోజు ప్రభల తీర్థంలో కేరింతలు కొట్టిన పిల్లాడే వారం తిరిగేసరికి అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటాడు. స్లిప్ టెస్టులు, తర్వాత ప్రీ ఫైనల్స్, మార్చిలో పబ్లిక్. ఈ రెండు నెలల్లోనే చాలామంది తల్లిదండ్రులు మొదటిసారి కౌన్సెలర్‌కి మెయిల్ పెడతారు, అదీ రాత్రి పదకొండు దాటాక, కంగారులో. నేనూ అలాగే పెట్టాను మా పెద్దమ్మాయి పదిలో ఉన్నప్పుడు. రెండు పేజీలు రాశాను, స్కూలు మెయిల్ ఐడీకి పంపాను, క్లాస్ టీచర్‌కి కూడా తెలియాలి కదా అని ఆవిడనీ కలిపాను. మర్నాడు ఆవిడ క్లాసులో అందరి ముందూ, మంచి ఉద్దేశంతోనే, "ఏమ్మా, టెన్షన్ పడుతున్నావంట?" అని అడిగారు. పిల్ల నాతో వారం రోజులు మాట్లాడలేదు.

అందుకే ముందు చూసుకోవాల్సింది ఏం రాయాలి అన్నది కాదు, అది ఎవరి కంట పడుతుంది అన్నది. చాలా స్కూళ్ళకి ఒకటే మెయిల్ ఐడీ ఉంటుంది, దాన్ని తెరిచేది ఆఫీసులో ఫీజులు కట్టించుకునే మనిషి. కాబట్టి ఆఫీసుకి ఫోన్ చేసి "కౌన్సెలర్ గారికి విడిగా మెయిల్ ఉందాండీ?" అని అడగండి, కారణం చెప్పక్కర్లేదు. ఉంటే దానికే పంపండి. లేకపోతే మెయిల్‌లో పిల్ల పేరు, ఇబ్బంది వివరాలు రెండూ వదిలేసి, ఫలానా తరగతి విద్యార్థి తల్లిని, మీతో విడిగా మాట్లాడాలి, నా నంబరు ఇది, అని మూడు వాక్యాలతో ఆపేయండి. మిగతాది ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్పుకోవచ్చు.

ఇక ఇంట్లో ఇంకో కన్ను ఉంటుంది, దీని సంగతి ఎవరికీ గుర్తు రాదు. మన జీమెయిల్ చాలామందికి తెరిచి పెట్టింది పిల్లలే. వాళ్ళ ట్యాబులోనూ అదే అకౌంట్ నడుస్తూ ఉంటుంది, కౌన్సెలర్ జవాబు ఇవ్వగానే మొదటి రెండు లైన్లూ పిల్లాడి తెర మీద మెరుస్తాయి. గూగుల్ అకౌంట్‌ సెక్యూరిటీ పేజీలో Your devices అని ఉంటుంది, మీ అకౌంట్ ఏయే ఫోన్లలో తెరిచి ఉందో అక్కడ కనిపిస్తుంది. అది చూసుకున్నాకే రాయడం మొదలుపెట్టండి.

మా చెల్లెలి సంగతి చెబుతాను, దాంతో మిగతావన్నీ తెలుస్తాయి. వాళ్ళది సఖినేటిపల్లి, కొడుకు రోజూ పంటు మీద గోదావరి దాటి నరసాపురంలో చదువుకుంటాడు, మరిది గారు కువైట్‌లో. అది మొదట రాసిన మెయిల్ నాకు పంపింది. సబ్జెక్ట్‌లో "మా బాబు డిప్రెషన్ గురించి అర్జెంట్" అని ఉంది. లోపల లెక్కల సారు మీద ఫిర్యాదు, వాళ్ళాయన ఊళ్ళో లేని బాధ, పక్కింటి పిల్లాడి మార్కులు, చివర్లో వాడు స్నేహితుడికి పెట్టిన మెసేజీల ఫొటోలు నాలుగు. ఇదంతా నిజమే, కానీ ఏదీ మెయిల్‌లో ఉండాల్సింది కాదు. డిప్రెషన్ అన్నది డాక్టర్ చెప్పాల్సిన మాట, మనం రాస్తే అది పిల్లాడి పేరు పక్కన అలా ఉండిపోతుంది. సారు మీద ఫిర్యాదు చదివితే కౌన్సెలర్ దాన్ని ప్రిన్సిపాల్‌కి చూపించాలేమో అని ఆలోచనలో పడతారు, అసలు సంగతి పక్కకి పోతుంది. పిల్లాడి మెసేజీలు వాడికి తెలియకుండా స్కూలుకి పంపారని రేపు తెలిస్తే ఇంక ఇంట్లో నోరు విప్పడు.

"వీడు ఏం చేస్తున్నాడో అదొక్కటే చెప్పవే" అన్నాను. మూడు వారాలుగా రాత్రి రెండింటి దాకా మేలుకుంటున్నాడు, శనివారం టెస్టు ఉంటే పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు, బాక్సు సగం తిరిగి వస్తోంది. కౌన్సెలర్‌కి కావాల్సింది ఇదే: ఏం కనిపిస్తోంది, ఎప్పటి నుంచి, ఏ రోజుల్లో ఎక్కువ. కౌన్సెలర్‌కి విడిగా ఐడీ ఉందని తేలాక చివరికి ఇలా పంపింది:

సబ్జెక్ట్: మిమ్మల్ని కలిసేందుకు సమయం కోరుతూ – పదో తరగతి విద్యార్థి తల్లి

గౌరవనీయులైన కౌన్సెలర్ గారికి,
నమస్కారం. మా అబ్బాయి మీ స్కూల్లో పదో తరగతి బి సెక్షన్. మూడు వారాలుగా రాత్రి సరిగా నిద్రపోవడం లేదు, టెస్టు ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు, అన్నం తగ్గించేశాడు. దీని గురించి మీతో విడిగా ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలనుకుంటున్నాను. మంగళవారం గానీ గురువారం గానీ మధ్యాహ్నం 2 నుంచి 4 లోపు రాగలను. మీకు వీలైన సమయం తెలియజేయగలరు. మనం మాట్లాడే వరకు ఈ విషయం మీ దగ్గరే ఉంచమని మనవి. ఫోన్ చేయాలంటే మధ్యాహ్నం చేయండి, సాయంత్రం ఫోన్ అబ్బాయి దగ్గర ఉంటుంది.
ఇట్లు,
తల్లి పేరు, ఫోన్ నంబరు

పిల్లాడి పేరు, అడ్మిషన్ నంబరు ఫోన్‌లో చెప్పింది. రెండు రోజులు, రెండు గంటల వెసులుబాటు ఇచ్చింది కాబట్టి ఒక్క జవాబుతో పని అయిపోయింది. "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు" అని మర్యాదకి రాస్తాం కానీ, దానికి సాయంత్రం అయిదింటికి రమ్మంటే ఇది మళ్ళీ ఏరు దాటి ఇంటికి చేరేదెప్పుడు? ఇంగ్లీషులోనే రాయాలని కూడా లేదు. నెట్‌లో దొరికిన లెటర్ ఎత్తి రాస్తే అందులో మన పిల్లాడు కనపడడు.

"మీ దగ్గరే ఉంచండి" అన్న మాటకి ఒక హద్దు ఉందని తెలుసుకోండి. పిల్లాడి ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే కౌన్సెలర్ మరొకరికి చెప్పక తప్పదు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయాల్సిందే, అది వాళ్ళ ఇష్టాయిష్టాల మీద ఉండదు.

రాసింది రాత్రి రాసినా పంపడం మాత్రం పొద్దున పంపండి. జీమెయిల్‌లో Undo Send గడువు మామూలుగా 5 సెకన్లే ఉంటుంది, సెట్టింగ్స్‌లో 30 చేసుకోవచ్చు, అంతకు మించి వెనక్కి రాదు. రెండు పని దినాలు చూసి జవాబు లేకపోతే ఆఫీసుకి ఫోన్ చేసి మెయిల్ అందిందా అని మాత్రమే అడగండి. పిల్లాడికి చెప్పాలా అంటే, నా మటుకు నేను చెప్పమనే అంటాను, పదో తరగతి పిల్లాడు చిన్నవాడు కాదు. మెయిల్ చూపించక్కర్లేదు, "నీకు నిద్ర పట్టట్లేదు కదా, కౌన్సెలర్ గారిని కలుస్తున్నాను" అంటే చాలు.

ఒక్క సందర్భంలో మాత్రం మెయిల్ రాస్తూ కూర్చోకండి. చచ్చిపోవాలనుంది అన్నా, చేతి మీద కోసుకున్న గాట్లు కనిపించినా, ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చేస్తున్నా వాణ్ణి ఒంటరిగా వదలకుండా వెంటనే ఫోన్ అందుకోండి. మనసు బాగోనప్పుడు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే 108కి చేయండి. మన ఇళ్ళల్లో ఇంకో పని కూడా ఉంది: చేలోకీ చెరువుకీ తెచ్చిన మందు డబ్బాలు వసారాలోనో పశువుల పాకలోనో ఉంటాయి కదా, వాటిని ఆ పూటే వేరే ఇంటికి చేర్చేయండి.